సాయంత్రం షటిల్ ఆడిన రోజు రాత్రి రెండున్నరకి షుగర్ లో అవుతోంది (టైప్ 1)

హనుమకొండ_షటిల్ · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. టైప్ 1 డయాబెటిస్, వయసు 19, బరువు 58 కిలోలు. రాత్రి 9:30కి గ్లార్జిన్ ఇన్సులిన్ 18 యూనిట్లు. తిండికి ఆస్పార్ట్, 10 గ్రాముల కార్బ్స్‌కి 1 యూనిట్. షుగర్ ఎక్కువుంటే 45 పాయింట్లు దించడానికి 1 యూనిట్. రోజు మొత్తం కలిపి 40 యూనిట్లకి అటూ ఇటూ.

వారంలో నాలుగు రోజులు సాయంత్రం 6 నుంచి 7:30 దాకా షటిల్, సింగిల్స్. ఆడని రోజు రాత్రి ఏ గొడవా లేదు. ఆడిన రోజు మాత్రం కోర్టులో ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఇంకోసారి లో అవుతోంది. మొన్న శుక్రవారం లెక్క ఇది:

5:00 – ఉప్మా (40 గ్రా. కార్బ్స్), 4 యూనిట్లు
6:00 – 164, ఆట మొదలు
6:45 – 78, నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు, ఒక మామిడి జ్యూస్ ప్యాకెట్
7:30 – 118, ఆట ముగిసింది
8:30 – 211, భోజనం 70 గ్రా. కార్బ్స్, తిండికి 7 + దించడానికి 2 = 9 యూనిట్లు
10:30 – 132, పడుకున్నా
2:40 – 54, చెమటలు పట్టి మెలకువ

పడుకునేటప్పుడు 132 అంటే మంచి నంబరే కదా. మరి తప్పు ఎక్కడుంది? గ్లార్జిన్ తగ్గించాల్నా?

---

సైకిల్_సూరి · సోమవారం రాత్రి 9:40

చాలా సింపుల్ బ్రదర్. ఆటకి ముందు ఇన్సులిన్ వేసుకోకు. నేను పొద్దున్నే ఏమీ తినకుండా, ఏమీ వేసుకోకుండా గంటన్నర సైకిల్ తొక్కుతాను. ఒక్కసారి కూడా లో అవ్వలేదు. సాయంత్రం ఆటలు మానేసి పొద్దునకి మార్చుకో, అయిపోతుంది.

---

విజయవాడ_ఎడ్యుకేటర్ · సోమవారం రాత్రి 10:25

తమ్ముడూ, లెక్క ఇంత వివరంగా పెట్టడం వల్ల పని తేలికైంది. ఇక్కడ రెండు లోలు ఉన్నాయి. రెండింటి కారణాలూ వేరు, అందుకని విడివిడిగా చూద్దాం.

మొదటిది 6:45 నాటి 78. 5 గంటలకి వేసుకున్న ఆస్పార్ట్ సరిగ్గా గంట, గంటన్నర తర్వాత జోరుమీద ఉంటుంది. నువ్వు కోర్టులో దిగింది అప్పుడే. పరిగెత్తే కండరం ఇన్సులిన్ లేకపోయినా రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కోగలదు. దానికి తోడు ఇన్సులిన్ కూడా లాగుతోంది. డయాబెటిస్ లేని మనిషికైతే ఆట మొదలవగానే క్లోమం ఇన్సులిన్ తగ్గించేస్తుంది, లివర్ గ్లూకోజ్ వదులుతుంది. మనం చర్మం కింద వేసుకున్నది వెనక్కి తీసుకోలేం. పైగా ఒళ్లు వేడెక్కి రక్తప్రసరణ పెరిగితే అది ఇంకా త్వరగా లోపలికి దిగుతుంది. ఇన్సులిన్ అంత ఉన్నంతసేపూ లివర్ చెయ్యి కట్టేసినట్టే. అందుకని 164 కూడా నిన్ను ముప్పావు గంటకి మించి కాపాడలేకపోయింది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఉప్మాని 5 నుంచి 3 గంటలకి జరపడం. అప్పుడు 4 యూనిట్లూ వేసుకోవచ్చు, 6 అయ్యేసరికి చాలా భాగం పని ముగించుకుని ఉంటుంది. రెండోది, కాలేజీ వల్ల 5కే తినాల్సి వస్తే ఆ డోసు సగానికి, అంటే 2 యూనిట్లకి తగ్గించడం. గంటకి మించిన మోస్తరు ఆటకి 75 శాతం దాకా కూడా తగ్గించమంటారు. కానీ మొదటిరోజే అంత వద్దు. సగంతో మొదలుపెట్టి 6:00, 6:30, 7:00 నంబర్లు చూడు.

నా ఓటు మొదటి దారికి. డోసు కోస్తే ఆటకి ముందు షుగర్ కొంత ఎక్కుతుంది, దాన్ని చూసి మళ్లీ సూది వేసుకోవాలనిపిస్తుంది. అక్కడే చాలామంది జారిపోతారు.

రెండో లో గురించి రేపు రాస్తాను, అది ఇంకొంచెం పెద్ద విషయం.

సూరి గారూ, పొద్దున్న పరగడుపున ఆడితే షుగర్ అంతగా పడిపోదన్నది నిజమే. ఆ వేళ బోలస్, అంటే తిండికి వేసే ఇన్సులిన్, ఒంట్లో ఉండదు, కార్టిసాల్ లాంటి హార్మోన్లు ఎక్కువుంటాయి. కానీ "ఇన్సులిన్ వేసుకోకు" అన్న మాట రోజంతా పనిచేసే బేసల్‌కి కూడా వర్తిస్తుందని ఎవరైనా అనుకుంటే ప్రమాదకరమైన కీటోన్లు వస్తాయి. బోలస్ గురించి మాత్రమే అన్నారని స్పష్టంగా రాయండి.

---

సైకిల్_సూరి · సోమవారం రాత్రి 10:51

అవును మేడం, బోలస్ గురించే అన్నాను. బేసల్ ఎప్పుడూ మానను. అయితే ఒక్కోరోజు సైకిల్ దిగేసరికి 220, 230 ఉంటుంది, తినకుండానే. అదేంటో అర్థం కాదు.

---

విజయవాడ_ఎడ్యుకేటర్ · సోమవారం రాత్రి 11:02

గట్టిగా తొక్కిన రోజు, ఎత్తు ఎక్కిన రోజు అలా అవుతుంది. అడ్రినలిన్ లివర్‌ని పిండుతుంది. అక్కడ దించడానికి పూర్తి డోసు వేసుకోకండి. గంటలో చాలావరకు తనే దిగుతుంది, మీరు వేసుకున్న ఇన్సులిన్ మాత్రం ఆ తర్వాత కూడా మిగులుతుంది.

---

నాన్న_కోసం · మంగళవారం ఉదయం 6:15

మా నాన్నగారికి 62 ఏళ్లు, పొద్దున వాకింగ్. బయల్దేరేముందు 140 ఉంటోంది. గ్లూకోజ్ ఇచ్చి పంపించాలా? మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు.

---

డల్లాస్_పంపు · మంగళవారం ఉదయం 6:48

అండీ, ఈ చర్చ టైప్ 1 గురించి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే వాకింగ్‌కి లో అవ్వడం చాలా అరుదు, గ్లూకోజ్ ఇవ్వాల్సిన పని లేదు. చీటీలో గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ ఇన్సులిన్ గానీ ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే మాత్రం జేబులో చక్కెర ఉండాలి, డాక్టర్ని అడగాలి.

---

విజయవాడ_ఎడ్యుకేటర్ · మంగళవారం మధ్యాహ్నం 1:30

ఇక 2:40 సంగతి.

కండరంలో, లివర్‌లో దాచిపెట్టిన గ్లూకోజ్ నిల్వ, అంటే గ్లైకోజెన్, గంటన్నర ఆటలో చాలా ఖర్చయిపోతుంది. ఆట ఆపాక ఆ నిల్వ నింపుకోవడానికి కండరం గంటల తరబడి గ్లూకోజ్ తీసుకుంటూనే ఉంటుంది, ఇన్సులిన్‌కి మామూలు కన్నా ఎక్కువ లొంగుతుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్ పరిశోధకులు టైప్ 1 ఉన్న టీనేజ్ పిల్లల చేత సాయంత్రం 4 గంటలకి వ్యాయామం చేయించి, షుగర్ పడిపోకుండా ఎంత గ్లూకోజ్ ఎక్కించాల్సి వస్తుందో రాత్రంతా కొలిచారు. ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. అవసరం రెండుసార్లు పెరిగింది. ఒకటి ఆట అయిన వెంటనే, రెండోది ఏడు నుంచి పదకొండు గంటల తర్వాత, అంటే అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య. నీ 7:30కి ఏడు గంటలు కలిపితే 2:30. నీ శరీరం వింతగా ఏమీ చెయ్యడం లేదు.

కానీ ఆ ఒక్క కారణానికే 54 దాకా రాదు. నీ 8:30 లెక్క చూడు. 211 ఎందుకు వచ్చింది? 6:45కి నాలుగు బిస్కెట్లు అంటే దాదాపు 16 గ్రాములు, దానిపైన జ్యూస్ ప్యాకెట్. 78కి అంత అక్కర్లేదు. కండరం లాగినంతసేపు లాగింది, ఆట ఆగాక మిగిలిన చక్కెర పైకి తేలింది. అడ్రినలిన్ కూడా కొంత. ఆ 211ని చూసి నువ్వు 2 యూనిట్లు అదనంగా వేసుకున్నావు. 45 పాయింట్లకి 1 యూనిట్ అన్నది ఆడని రోజు లెక్క. ఆడిన సాయంత్రం అదే యూనిట్ అరవయ్యో డెబ్బయ్యో దించగలదు. తిండికి వేసిన 7 యూనిట్లదీ అదే కథ.

ఇప్పుడు 10:30 నాటి 132 దగ్గరికి రా. అప్పటికి 9 యూనిట్లు వేసుకుని రెండు గంటలే అయింది. సుమారు సగం, నాలుగు యూనిట్ల పైచిలుకు ఇంకా ఒంట్లో ఉంది. భోజనం కూడా కొంత అరగాల్సి ఉందనుకో. 132 అన్నది మంచి నంబరే, కానీ అది ఆగి ఉన్న నంబరు కాదు, దిగుతున్న నంబరు.

అందుకని నా సలహా, డాక్టరుకి చూపించి: ఆడిన రోజు రాత్రి భోజనం డోసు 7కి బదులు 4 లేదా 4.5 (సగం యూనిట్ పెన్ను ఉంటే). దించే డోసు 250 లోపు ఉంటే వెయ్యకు. గ్లార్జిన్ ఇప్పుడే ముట్టుకోకు. రెండు ఆట రోజులు ఇలా చేసి 10:30, 2:30, పొద్దున 6:30 నంబర్లు ఇక్కడ పెట్టు. 2:30కి అలారం తప్పనిసరి. "నాకు మెలకువ వస్తుంది" అని దాని మీద ఆధారపడకు. నిద్రలో చెమట, వణుకు లాంటి హెచ్చరికలు బాగా మందగిస్తాయి. శుక్రవారం మెలకువ వచ్చింది, ప్రతిసారీ రాకపోవచ్చు.

---

డల్లాస్_పంపు · మంగళవారం రాత్రి 7:20

మేడం చెప్పినదాంట్లో ఒక్క చోట నాది వేరే అభిప్రాయం. ఇన్సులిన్ పంపు వాడేవాళ్లం ఆడిన రాత్రి పడుకునేటప్పుడు బేసల్‌ని ఆరు గంటలపాటు 20 శాతం తగ్గిస్తాం. షుగర్ పడే ఆ వేళనే నేరుగా సరిచేసినట్టు. ఇతను కూడా గ్లార్జిన్‌ని 18 నుంచి 14కి తగ్గిస్తే సరిపోతుంది కదా? భోజనం డోసు సగానికి కోస్తే పది గంటలకి 250 ఉంటుంది, అది చూసి భయపడి సూది వేస్తాడు, మళ్లీ మొదటికి.

ఆట సమయంలో కూడా పంపుకి ఇదే పద్ధతి. మొదలుపెట్టడానికి గంటన్నర ముందే బేసల్ 50 నుంచి 80 శాతం తగ్గించాలి. కోర్టులో దిగే నిమిషంలో పంపు తీసేస్తే లాభం లేదు, అప్పటికే లోపల ఉన్నది పనిచేస్తూనే ఉంటుంది.

---

విజయవాడ_ఎడ్యుకేటర్ · మంగళవారం రాత్రి 8:05

పంపులో మీరు తగ్గించేది రాత్రి ఆరు గంటలే. గ్లార్జిన్ 18ని 14 చేస్తే ఆ కోత మర్నాడు సాయంత్రం దాకా ఉంటుంది. రాత్రి బాగుంటుంది, మర్నాడు మధ్యాహ్నం ఎక్కువ చూపిస్తుంది. వారానికి నాలుగు రోజులు ఆడేవాడికి అది చిన్న విషయం కాదు. అయినా భోజనం డోసు సరిచేశాక కూడా 2:30కి పడితే అప్పుడు 20 శాతం కోత నేనూ ఒప్పుకుంటాను.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. డెగ్లుడెక్ వాడేవాళ్లు ఈ ఒక్కరోజు కోత ప్రయత్నించకండి. అది రోజుల తరబడి ఒంట్లో పేరుకుని ఉండే ఇన్సులిన్, ఇవాళ తగ్గిస్తే ఇవాళ రాత్రికి పెద్దగా తేడా రాదు. బేసల్ పొద్దున వేసుకునేవాళ్లకీ రాత్రి తగ్గించడానికి ఏమీ మిగలదు. వీళ్లిద్దరికీ పడుకునే ముందు తిండే మార్గం. కిలోకి 0.4 గ్రాముల కార్బ్స్, ఇన్సులిన్ లేకుండా. 58 కిలోలకి 23 గ్రాములు, అంటే ఒక గ్లాసు పాలు, ఒక చిన్న చపాతీ.

మీ 250 భయం మాత్రం నిజమే. దానికి నా దగ్గర ఉన్న జవాబు, ఆ నంబరు వస్తుందని ముందే తెలిసి ఉండటం.

---

కర్నూలు_అమ్మ · బుధవారం ఉదయం 5:50

అక్కా, మా బాబుకి 11 ఏండ్లు, 30 కిలోలు. పెద్దాసుపత్రిలో ఇచ్చే 30/70 ఇన్సులిన్, పొద్దున ఏడున్నరకి 14, రాత్రి ఏడున్నరకి 8. స్కూల్లో నాలుగింటికి కబడ్డీ ఆడిస్తారు. ఆడిన రోజు రాత్రి వాడు పలవరిస్తాడు, పొద్దున లేస్తే తలనొప్పి అంటాడు. స్ట్రిప్పులు లెక్కగా ఉంటాయి, రాత్రి ఎప్పుడూ చూడలేదు. మీరు చెప్పే బోలస్, బేసల్ మాకు వేరుగా లేవు. మేమేం చేయాల?

---

విజయవాడ_ఎడ్యుకేటర్ · బుధవారం ఉదయం 8:40

అమ్మా, పలవరింత, పొద్దున తలనొప్పి, తడిసిన దిండు, ఇవి రాత్రి లో అయిందనడానికి గుర్తులు కావచ్చు. ఈ వారం స్ట్రిప్పుల్లో రెండు దాచి, ఆడిన రోజు రాత్రి 2 గంటలకి చూడండి. మిగతా ఏ వేళ పరీక్ష కన్నా ఆ రెండూ విలువైనవి.

30/70లో 70 వంతు నిదానంగా పనిచేసే ఎన్‌పీహెచ్. వేసిన నాలుగు నుంచి పది గంటల మధ్య అది జోరుగా ఉంటుంది. పొద్దున ఏడున్నర డోసు జోరు కబడ్డీ వేళకి ఇంకా పూర్తిగా తగ్గదు. రాత్రి ఏడున్నర డోసు జోరు అర్ధరాత్రి, తెల్లవారుజాము. అంటే ఆట వల్ల షుగర్ లాగే వేళ, ఇన్సులిన్ లాగే వేళ రెండూ ఒకేచోట పడుతున్నాయి. పైన తమ్ముడికన్నా మీ బాబుకి రాత్రి ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే గ్లార్జిన్‌కి ఇంత జోరు వేళ ఉండదు.

కలిపి ఉన్న ఇన్సులిన్‌లో ఒక భాగాన్ని మాత్రం తగ్గించలేం. అందుకని పగలు తిండితో సర్దాలి. పావు తక్కువ నాలుగుకి 15 గ్రాముల కార్బ్స్, ఒక చిన్న అరటిపండు చాలు. సగం ఆట అయ్యాక ఇంకో 10 గ్రాములు. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు పాలు, అందులో చక్కెర వెయ్యకపోయినా 10 గ్రాముల దాకా వస్తుంది, అది అతని బరువుకి దాదాపు సరిపోతుంది. ఆడిన రోజు రాత్రి 8 యూనిట్లని ఎంత తగ్గించాలో ఆసుపత్రిలో అడిగి రాయించుకోండి. పలవరింత సంగతి, 2 గంటల నంబరు వాళ్లకి చూపిస్తే ఇన్సులిన్‌ని రెండు రకాలుగా విడగొట్టి ఇచ్చే అవకాశం కూడా అడగవచ్చు.

ఇంకొకటి, ఆ ఇన్సులిన్ వేసేముందు సీసాని అరచేతుల మధ్య ఇరవైసార్లు నెమ్మదిగా దొర్లించాలి, మొత్తం ఒకేలా పాలలాగా తెల్లగా కనిపించేదాకా. అడుగున తెలుపు పేరుకుని ఉండగా లాగితే ఒకరోజు తక్కువ, ఒకరోజు ఎక్కువ వెళ్తుంది. అప్పుడు ఆటని ఎంత సరిచేసినా నంబర్లు పొంతన లేకుండా వస్తాయి.

---

పీఈటీ_మాస్టారు · బుధవారం సాయంత్రం 6:30

నేను హైస్కూల్లో పీఈటీని. ఇలాంటి పిల్లల్ని ఆటలకి దూరంగా కూర్చోబెట్టడమే మంచిదనుకునేవాణ్ణి. ఇది చదివాక అడుగుతున్నాను, గ్రౌండులో లో అయితే ఎలా కనిపెట్టాలి? అందరికీ చెమట పడుతుంది, అందరూ ఆయాసపడతారు కదా. చాక్లెట్ ఇస్తే సరిపోతుందా?

---

డల్లాస్_పంపు · బుధవారం రాత్రి 7:10

మాస్టారూ, కూర్చోబెట్టొద్దు. చెమటని చూడొద్దు, ఆటని చూడండి. బాగా ఆడే పిల్లవాడు సులువైన పట్టు వదిలేస్తున్నాడా, కూత మధ్యలో ఆపేస్తున్నాడా, పిలిస్తే రెండోసారికి గానీ పలకడం లేదా, ఉన్నట్టుండి కోపమో ఏడుపో వస్తోందా. వీటిలో ఏదున్నా ఆట ఆపి కూర్చోబెట్టి మీటరు చూడండి. మీటరు లేకపోతే లో అయిందనే అనుకుని గ్లూకోజ్ ఇవ్వండి. పొరపాటైతే షుగర్ కాస్త పెరుగుతుంది, అంతే.

చాక్లెట్ వద్దు. అందులో కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. పల్లీ చిక్కీ కూడా అంతే. ఉత్త గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి ఇవ్వండి, లేకపోతే మామూలు చక్కెర నీళ్లు. 70 లోపు ఉంటే పెద్దవాళ్లకి 15 గ్రాములు, 30 కిలోల పిల్లవాడికి 10 గ్రాములు చాలు. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. 54 లోపు పడితే ఆరోజుకి ఆట లేదు, తేరుకున్నా సరే.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

---

విజయవాడ_ఎడ్యుకేటర్ · బుధవారం రాత్రి 7:45

"ఒక స్పూను గ్లూకోజ్" అన్న లెక్కతో జాగ్రత్త. స్పూను ఎంతదో, గోపురంగా తీశారో చదునుగా తీశారో బట్టి రెట్టింపు తేడా వస్తుంది. ఇంట్లో చిన్న కాటా మీద 10 గ్రాముల చొప్పున తూచి, చిన్న జిప్ కవర్లలో కట్టి ఉంచండి. ఒకటి బాబు జేబులో, ఒకటి మాస్టారి దగ్గర. స్కూలు బ్యాగులో పెడితే లాభం లేదు, బ్యాగు క్లాసులో ఉంటుంది, పిల్లవాడు గ్రౌండులో ఉంటాడు.

హనుమకొండ తమ్ముడికీ ఇదే. అర లీటరు నీళ్ల సీసాలో 30 గ్రాములు తూచి కలుపుకో. 6 గంటలకి 126 నుంచి 180 మధ్య ఉంటే అలాగే మొదలుపెట్టు. 90 నుంచి 125 ఉంటే ముందే 10 గ్రాములు. 90 లోపు ఉంటే 15 తీసుకుని, పైకి వచ్చాక దిగు. తర్వాత ప్రతి గేము అయ్యాక రెండు గుక్కలు, ఆట ముగిసేసరికి సీసా అయిపోయేలా. ముప్పావు గంటకి 78 చూసి ఒకేసారి బిస్కెట్లు, జ్యూసు దించేకన్నా ఇది చాలా నయం. 8:30కి ఆ 211 రాకుండా ఆపేది కూడా ఇదే.

270 దాటి ఉంటే, అదీ తిండి వల్ల అని తెలియకపోతే, కీటోన్ స్ట్రిప్ చూడకుండా ఆడొద్దు. రక్తంలో కీటోన్లు 1.5 దాటితే ఆట కాదు, డాక్టరు. ముందు ఇరవైనాలుగు గంటల్లో ఎవరి సాయమో అవసరమైనంత గట్టి లో వచ్చి ఉంటే ఆరోజు కూడా ఆట వద్దు. ఒక లో తర్వాత రెండో లోకి శరీరం ఎదురుతిరిగే శక్తి తగ్గిపోతుంది.

---

సెన్సర్_శ్రీను · గురువారం ఉదయం 7:05

సెన్సర్ పెట్టుకోండి, ఈ గోల ఏమీ ఉండదు. రాత్రి 70కి అలారం కొడుతుంది. ఆట చివర పది సెకన్లు ప్రాణం పెట్టి పరిగెత్తితే షుగర్ పడదు, అది కూడా ప్రయత్నించండి.

---

డల్లాస్_పంపు · గురువారం ఉదయం 7:40

సెన్సర్ రక్తాన్ని చూడదండీ, చర్మం కింద ద్రవాన్ని చూస్తుంది. మామూలుగానే ఐదు పది నిమిషాలు వెనక ఉంటుంది, ఆటలో షుగర్ వేగంగా దిగేటప్పుడు ఇంకా వెనకపడుతుంది. తెర మీద 95 ఉండి బాణం కిందికి చూస్తుంటే రక్తంలో 75 ఉండొచ్చు. అందుకని ఆట సమయంలో అలారం 70కి కాదు, 100కి పెట్టుకోవాలి. లో అయ్యాక గ్లూకోజ్ తాగినప్పుడు కూడా ఇదే తంటా. రక్తంలో పెరిగినా తెర మీద ఇంకా దిగుతూ కనిపిస్తుంది, భయపడి ఇంకో ప్యాకెట్ తాగేస్తాం. అక్కడ వేలి పరీక్షనే నమ్మాలి.

రాత్రి సెన్సర్ ఉన్న చేతి మీదే పడుకుంటే అది నొక్కుకుపోయి లేని లో చూపిస్తుంది. ఉన్నట్టుండి నిటారుగా పడిపోయి, పక్కకి తిరిగి పడుకోగానే మళ్లీ నిటారుగా లేస్తే అది నొక్కుడే. ఆడిన రాత్రి వచ్చే అసలు లో అలా ఉండదు, గంటా రెండు గంటలు మెల్లగా జారుతూ వస్తుంది. అనుమానం ఉంటే వేలు పొడుచుకోవడమే.

---

విజయవాడ_ఎడ్యుకేటర్ · గురువారం మధ్యాహ్నం 2:10

పది సెకన్ల పరుగు సంగతి: అది నిజంగానే పరీక్షించారు, పనిచేస్తుంది కూడా, కానీ ఆట తర్వాత రెండు గంటల దాకా మాత్రమే. అడ్రినలిన్ లాంటి హార్మోన్ల వల్ల. రాత్రి 2 గంటల లోకి దానితో సంబంధం లేదు. అప్పటికే 80 దగ్గర ఉన్నవాళ్లు గ్లూకోజ్ తాగడం మాని పరుగు తియ్యడం మాత్రం తప్పు.

---

హనుమకొండ_షటిల్ · ఆదివారం రాత్రి 8:30

రెండు రోజులు చేసినా. టిఫిన్ 3:10కి మార్చినా, మొత్తం 4 యూనిట్లు వేసుకున్నా. సీసాలో 30 గ్రాములు. 2:30 అలారం పెట్టినా.

గురువారం: 6:00 – 138, 6:45 – 121, 7:30 – 126, 8:30 – 149. భోజనం 70 గ్రా., 4 యూనిట్లు. 10:30 – 214. చాలా భయమైంది గానీ ఏమీ వేసుకోలేదు. 2:30 – 128. పొద్దున 6:30 – 117.

శనివారం: 6:00 – 151, 6:45 – 109, 7:30 – 114, 8:30 – 133. అదే భోజనం, 4 యూనిట్లు. ఆరోజు ఇంటికి రాంగనే వేడినీళ్ల స్నానం చేసినా. 10:30 – 171. 2:30 – 76, ఒక గ్లాసు పాలు తాగి పడుకున్నా. పొద్దున 104.

రెండు రోజులూ కోర్టులో లో కాలేదు. శనివారం 76 ఎందుకు? శనివారం మూడు గేములు ఎక్కువ ఆడినం, 7:50 దాకా. స్నానం వల్లనా, ఆట వల్లనా?

---

విజయవాడ_ఎడ్యుకేటర్ · ఆదివారం రాత్రి 9:15

గురువారం 214 చూసి సూది వేసుకోకపోవడమే ఆ రాత్రిని కాపాడింది. అక్కడ 2 యూనిట్లు వేసి ఉంటే 2:30కి 128 ఉండేది కాదు.

శనివారానికి ఆటే ఎక్కువ కారణం అనుకుంటాను. వేడినీళ్లు చర్మం కింద ఉన్న ఇన్సులిన్‌ని త్వరగా లోపలికి తోస్తాయి, కానీ స్నానం వేళకి 3:10 డోసులో మిగిలింది దాదాపు లేదు, రాత్రి డోసు ఇంకా వేసుకోలేదు. స్నానం భోజనం సూది తర్వాత చేసి ఉంటే దాన్ని అనుమానించేదాన్ని. సూది తర్వాత గంటా రెండు గంటలు వేడినీళ్ల జోలికి పోకు.

ఎక్కువ ఆడిన రోజుకి ఇంకో మెట్టు కావాలి. ఒకటి, పడుకునేముందు పాలు, చపాతీ. లేదా గ్లార్జిన్ 18కి బదులు 15. రెండూ ఒకే రాత్రి వద్దు, పొద్దున 220తో లేస్తావు, ఏది పనిచేసిందో తెలియదు. నేనైతే ముందు పాలు, చపాతీ అంటాను.

---

డల్లాస్_పంపు · ఆదివారం రాత్రి 9:38

నేను ఇప్పటికీ గ్లార్జిన్ వైపే. రోజూ ఆకలి లేకుండా 23 గ్రాములు తింటూ పోతే ఆరునెలల్లో బరువు పెరుగుతాడు. తగ్గించాల్సింది ఇన్సులిన్, పెంచాల్సింది తిండి కాదు.

---

విజయవాడ_ఎడ్యుకేటర్ · ఆదివారం రాత్రి 9:50

వారానికి నాలుగు రోజులూ 7:50 దాకా ఆడితే మీ మాటే సరి. ఎప్పుడో ఒక శనివారానికైతే నాది. తమ్ముడూ, నెలలో అలాంటి రోజులు ఎన్నో లెక్కపెట్టి చెప్పు, తర్వాత డాక్టరుతో కూర్చో.

---

కర్నూలు_అమ్మ · సోమవారం ఉదయం 5:40

అక్కా, రాత్రి రెండింటికి చూసినా. 49. వాడు నిద్రలోనే ఉండె, లేపితే లేచినాడు, కూర్చోబెట్టి గ్లూకోజ్ నీళ్లు తాపినా. పావుగంటకి 88. ఆ తర్వాత పాలు ఇచ్చినా. నిన్న ఆదివారం, స్కూలు లేదు, వీధిలో పిల్లలతో పొద్దు మునిగేదాకా ఆడినాడు. అదీ లెక్కేనని నాకు తోచలేదు. ఇప్పుడు ఆసుపత్రికి పోతున్నాం, నంబర్లు కాగితం మీద రాసుకున్నా. ఇంకేమన్నా అడగాల్నా?

---

విజయవాడ_ఎడ్యుకేటర్ · సోమవారం ఉదయం 5:58

మంచి పని చేశావమ్మా. ఈ రెండూ అడుగు: ఇవాళ రాత్రి 30/70 ఎన్ని యూనిట్లు, ఎన్‌పీహెచ్‌ని విడిగా పడుకునేటప్పుడు ఇవ్వొచ్చా లేక గ్లార్జిన్ దొరుకుతుందా. షుగర్ పెంచే గ్లూకగాన్ సూది వాళ్ల దగ్గర ఉంటుందేమో కూడా అడుగు, బయట అన్ని షాపుల్లో దొరకదు. ఇవాళ కబడ్డీ వద్దు, మాస్టారికి ఫోన్ చేసి చెప్పు. వాళ్లు ఏం రాసిచ్చారో వచ్చాక ఇక్కడ పెట్టు, చూస్తాను.